చీ, జెంగ్, సిండ్రోమ్: చైనా వైద్యం మాటలు ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు తరచుగా అడిగే ప్రశ్నలు

చైనాలో ఎంబీబీఎస్ చదివే మన పిల్లల్లో చాలామందికి అక్కడి సంప్రదాయ వైద్యం కూడా ఒక సబ్జెక్టుగా ఉంటుంది. పాఠం ఇంగ్లీషులోనే చెబుతారు. ఒక పుస్తకంలో సిండ్రోమ్ అని ఉన్నదే ఇంకో పుస్తకంలో ప్యాటర్న్ అని కనిపిస్తుంది. ఒకరు చీ అంటారు, ఒకరు ఎనర్జీ అంటారు. ఇవన్నీ ఒకటేనా, వేర్వేరా అని వాళ్లు అడిగే ప్రశ్నలతోనే ఈ పేజీ మొదలైంది. అనువాదాలు చేసేవాళ్లు అడిగినవి తర్వాత చేరాయి.

నిఘంటువు తెరిచి సరైన మాట పెట్టేస్తే సరిపోదా?

మన ఇంట్లో మాటే చూడండి. "వాడికి వేడి చేసింది" అంటాం. దీన్ని ఇంగ్లీషులో ఎలా చెబుతారు? ఫీవర్ అంటే తప్పు, ఎందుకంటే థర్మామీటరు పెడితే మామూలుగానే ఉంటుంది. హీట్ స్ట్రోక్ అంటే ఇంకా తప్పు. నోట్లో పుళ్లు, కళ్లమంట, మూత్రం పసుపుపచ్చగా మంటగా పోవడం, నిన్న తిన్న మామిడిపళ్లు, ఇవ్వాల్సిన మజ్జిగ, ఇదంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. వేడి చేసింది అనగానే ఏం చెయ్యాలో కూడా ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. మౌత్ అల్సర్ అని అనువదిస్తే పుండు ఒక్కటే మిగులుతుంది, మజ్జిగ ఎందుకో అర్థం కాదు.

చైనా వైద్యంలో ముఖ్యమైన మాటలన్నీ ఇలాంటివే. మాటలోనే కారణం ఉంటుంది, చికిత్స ఎటు వెళ్లాలో కూడా ఉంటుంది. అనువాదంలో ఏ ముక్క జారిపోయినా తర్వాత రాసిన మందు ఎందుకో చదివేవాడికి తెలియదు.

జెంగ్ అంటే ఏమిటి?

ఈ మాటకి పాత అర్థం సాక్ష్యం, రుజువు. వైద్యంలో జెంగ్ అంటే ఈ రోగి ఒంట్లో ఈ సమయంలో ఏం జరుగుతోందన్న దాని మీద వైద్యుడు ఇచ్చే తీర్పు. రోగి చెప్పినవి, నాలుక రంగు, దాని మీది పూత, నాడి తీరు, అన్నీ సాక్ష్యాలుగా పెట్టుకుని జబ్బు ఏ చోట ఉంది, ఏ స్వభావంది అని తేలుస్తారు.

దీనికి పక్కన ఇంకో రెండు మాటలున్నాయి. బింగ్ అంటే జబ్బు. మూడోది రోగలక్షణానికి వాడే మాట, దాన్ని కూడా జెంగ్ అనే పలుకుతారు, స్వరం కూడా ఒకటే. రాతలో మాత్రమే తేడా తెలుస్తుంది. చైనా వాళ్ల పాత రాతల్లోనే ఈ రెండూ కలగాపులగంగా ఉండేవి. వీటిని ఇప్పుడున్నంత కచ్చితంగా విడదీసి, జెంగ్‌ని తేల్చి దాన్నిబట్టి వైద్యం చెయ్యడమే తమ పద్ధతి అని చాటుకున్నది 20వ శతాబ్దం మధ్యలో. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్దూలలో సంప్రదాయ వైద్య కళాశాలలు పెట్టి, అందరికీ ఒకే పాఠ్యపుస్తకాలు కావలసి వచ్చిన రోజులవి. వేల ఏళ్ల నాటి మాట అని అందరూ అంటారు గానీ, ఇప్పుడు మనం వాడే అర్థం గట్టిపడింది మన తాతల కాలంలోనే.

అయితే దాన్ని సిండ్రోమ్ అంటే తప్పేముంది? చైనా వాళ్లే అలా రాస్తారు కదా?

రాస్తారు, నిజమే. చైనాలో అచ్చయిన ఇంగ్లీషు పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది ఆ మాటే. అల్లోపతీ డాక్టర్లకి దగ్గరగా ఉంటుందని దాన్ని ఎంచుకున్నారు. చిక్కంతా ఆ దగ్గరతనంలోనే ఉంది.

ఇంగ్లీషు వైద్యంలో సిండ్రోమ్ అంటే కలిసికట్టుగా కనిపించే లక్షణాల గుంపు. డౌన్ సిండ్రోమ్ చూడండి. అది ఉన్న మనిషికి జీవితాంతం ఉంటుంది, అది ఉన్నవాళ్లందరిలో కారణం క్రోమోజోముల్లోనే. జెంగ్ అలా కాదు. జలుబు చేసిన మనిషికి సోమవారం ఒక జెంగ్ ఉండి, చలి తగ్గి గొంతుమంట మొదలయ్యాక బుధవారానికి ఇంకోటి కావచ్చు. జబ్బు పేరు అదే, మందు మాత్రం మారుతుంది. సిండ్రోమ్ అని చదివిన డాక్టరు, రోగికి రెండు రోజుల్లో రెండు సిండ్రోములు వచ్చాయా అని తెల్లబోతాడు.

ఇంకో మెలిక ఉంది. జెంగ్‌ని తేల్చడాన్ని సిండ్రోమ్ డిఫరెన్షియేషన్ అని రాస్తారు. అది చూడగానే మెడికల్ కాలేజీలో చదివినవాళ్లకి డిఫరెన్షియల్ డయాగ్నసిస్ గుర్తొస్తుంది. అంటే ఇది టైఫాయిడా, మలేరియానా, డెంగ్యూనా అని ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోవడం. ఇక్కడ జరిగేది అది కాదు. టైఫాయిడ్ అని తేలిపోయిన తర్వాత కూడా ఈ రోగిలో అది ఏ తీరున ఉందని చూడడం. అందుకే ప్యాటర్న్ మేలని నా ఉద్దేశం. ఆ మాట చప్పగా ఉంటుంది, ఏమీ వాగ్దానం చెయ్యదు. దానికి అల్లోపతీలో ఇంకో అర్థం లేకపోవడమే దానిలో ఉన్న సుగుణం.

ఒక కేసు పెట్టి చూపిస్తారా?

ఇది ఊహించిన కేసే, కానీ పాఠ్యపుస్తకాల్లో ఇంచుమించు ఇలాగే ఉంటుంది. 42 ఏళ్ల ఆవిడ. మూడు నెలలుగా ఆకలి లేదు, నాలుగు ముద్దలు తింటే కడుపు ఉబ్బుతుంది, విరేచనం పల్చగా అవుతోంది, ఎప్పుడూ నీరసం. నాలుక పాలిపోయి, అంచుల్లో పళ్ల గుర్తులు పడి ఉన్నాయి. నాడి బలహీనం. వైద్యుడు కేసు షీటులో నాలుగు అక్షరాలు రాశాడు: పీ, చీ, షూ, జెంగ్. పీ అంటే ప్లీహం, షూ అంటే లోటు, చీ సంగతి కింద చెబుతాను.

అలవాటు లేని అనువాదకుడి చేతిలో మొదట జరిగేది నవ్వొచ్చే పొరపాటు. మామూలు చైనీస్ మాటల్లో పీచీ అంటే కోపస్వభావం. కాబట్టి ఆవిడకి "బలహీనమైన కోపం" అని రాసేస్తాడు. ఇది అంత ప్రమాదం కాదు, చదివినవాళ్లెవరైనా పట్టేస్తారు.

రెండో రకం అనువాదకుడు తెలివైనవాడు. ఇదంతా అజీర్తే కదా అని డిస్పెప్సియా సిండ్రోమ్ అని రాస్తాడు. వాక్యం హాయిగా చదువుకోవచ్చు, అనుమానం రాదు. ఇప్పుడు పక్క మంచం మీద ఇంకో ఆవిడ ఉందనుకోండి. ఆమెకీ నెలల తరబడి పల్చటి విరేచనాలే, కానీ తెల్లవారుజామున కోడి కూసే వేళకే లేచి పరిగెత్తాలి, నడుము, మోకాళ్లు చల్లగా ఉంటాయి. ఆమెకి వైద్యుడు తేల్చింది మూత్రపిండాల యాంగ్ లోటు, అంటే ఒంటికి వెచ్చదనం ఇచ్చే వైపు తగ్గిపోవడం. మొదటి ఆవిడకి నలుగురు పెద్దమనుషుల కషాయం అనే మందు రాస్తాడు. జిన్సెంగ్, బైజూ అనే వేరు, పైన్ జాతి చెట్ల వేళ్లకి పట్టే ఫూలింగ్ అనే పుట్టగొడుగు, అతిమధురం జాతి వేరు, ఈ నాలుగే ఆ పెద్దమనుషులు. రెండో ఆవిడకి అది రాయడు, ఒంట్లో వెచ్చదనం పెంచే మందులు రాస్తాడు. మన తెలివైన అనువాదకుడి కాగితంలో ఇద్దరిదీ కడుపు జబ్బే. ఇద్దరికీ వేర్వేరు మందులెందుకో ఎవరూ చెప్పలేరు.

మూడో అనువాదం స్ప్లీన్ చీ డెఫిషియెన్సీ ప్యాటర్న్. ఇంగ్లీషుగా ఇది అందంగా లేదు. కానీ నాలుగు అక్షరాలకీ నాలుగు మాటలున్నాయి. చైనీస్ తెలిసినవాడు దీన్ని చూసి మళ్లీ అసలు మాటకి వెళ్లగలడు, మందుల పుస్తకం తెరిచినవాడు సరైన పేజీకి వెళ్లగలడు.

ప్లీహం తీసేసినవాళ్లకి కూడా స్ప్లీన్ చీ లోటు అంటారా?

అంటారు. చైనా వైద్యంలో పీ అంటే తిన్నదాన్ని మార్చి ఒంటికంతా పంపే పనుల సమూహం. దానికి అవయవం పేరు పెట్టారు, అంతే. చాలామంది ఇంగ్లీషులో దీన్ని పెద్ద అక్షరంతో మొదలుపెట్టి తేడా చూపిస్తారు. కాగితం మీద అది బాగానే పనిచేస్తుంది, రోగితో మాట్లాడేటప్పుడు పనిచెయ్యదు.

చీని ఎనర్జీ అనొచ్చా? యోగా క్లాసుల్లో అందరూ అలాగే అంటారు.

ఆ మాట పాకింది ఎక్కువగా ఫ్రాన్స్ నుంచి. చైనాలో దౌత్య ఉద్యోగం చేసి తిరిగొచ్చిన జార్జ్ సూలియే ద మొరాఁ 1930లలో ఆక్యుపంక్చర్ గురించి రాస్తూ చీకి ఫ్రెంచిలో ఎనర్జీ అనే మాట వాడారు. సూదులు పెట్టడం, దారులు, ప్రవాహం, ఇవన్నీ కరెంటు రోజుల్లో ఉన్న పాఠకులకి వెంటనే ఎక్కాయి. అక్కడినుంచి అది ప్రపంచమంతా తిరిగింది.

చైనా పుస్తకాల్లో చీ చేసే పనులు చూస్తే మాత్రం ఈ మాట ఇమడదు. చీ చల్లగా ఉంటుంది, వేడిగా ఉంటుంది, మురికిగా ఉంటుంది, ఒకచోట పేరుకుపోతుంది. ఆ అక్షరాన్ని పాత పద్ధతిలో రాస్తే పైన ఆవిరి గుర్తు, కింద బియ్యం గుర్తు ఉంటాయి. ఉడికే అన్నం మీద లేచే ఆవిరిలా అన్నమాట. అది పదార్థమే, కానీ చేతికి దొరకనంత పల్చనిది. జర్మన్ పండితుడు పాల్ ఉన్షుల్డ్ చీని ఎనర్జీ అనడాన్ని గట్టిగా వ్యతిరేకించడానికి కారణం ఇదే. అది మన కాలపు ఆలోచన, పాత చైనా వాళ్లది కాదు.

ఎనర్జీ అనగానే ఇంకో ఇబ్బంది. జబ్బు తెచ్చేదాన్ని కూడా చీ అనే అంటారు. షియే చీ, అంటే చెడు చీ. ఈవిల్ ఎనర్జీ అని రాస్తే చదివేవాళ్లకి దెయ్యాలు గుర్తొస్తాయి. మన వైపు "గాలి సోకింది" అనే మాటని ఇంగ్లీషు వాళ్లకి చెప్పబోయి పడే అవస్థే ఇది. దెయ్యం వద్దనుకుని పాథోజెన్ అంటే బ్యాక్టీరియా అనుకుంటారు. పాథోజెనిక్ చీ అని సగం సగం పెట్టడం చాలామంది చేసిన రాజీ. నాకు అది పూర్తిగా నచ్చదు గానీ, అంతకన్నా మంచిది దొరకలేదు.

అయితే ఎక్కడ కనిపించినా చీ అని అలాగే ఉంచెయ్యాలా?

వద్దు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. చీ అనేది వైద్యం మాట మాత్రమే కాదు, మామూలు చైనీస్‌లో అడుగడుగునా దొర్లే ముక్క. వాతావరణాన్ని థియెన్ చీ అంటారు, కోపం రావడాన్ని షెంగ్ చీ అంటారు. వైద్య గ్రంథంలో కూడా ఐ చీ అంటే తేనుపు, షి చీ అంటే కింద నుంచి పోయే గాలి. అక్కడ చీ అని ఉంచి సిద్ధాంతం చెబితే నవ్వులపాలే. చీ దువాన్ అంటే ఆయాసం, అక్కడ చీ అంటే ఊపిరి. దాన్ని షార్ట్ చీ అని రాసిన అనువాదాలున్నాయి. షార్ట్‌నెస్ ఆఫ్ బ్రెత్ అని అందరికీ తెలిసిన మాట ఉండగా అదెందుకు?

మందుల స్వభావం చెప్పేటప్పుడు నాలుగు చీలు అంటారు: చలువ, వేడి, కొంచెం చలువ, కొంచెం వేడి. ఇక్కడ నేచర్ అనే మాటే చక్కగా అతుకుతుంది. మన ఇళ్లలో పెసరపప్పు చలువ, ఆవపిండి వేడి అనుకోవడం లాంటిదే.

నేను పాటించే లెక్క ఇది. ఆ చోట చీ బదులు ఊపిరి, గాలి, స్వభావం అని పెట్టి చూస్తాను. అర్థం ఏమీ పోకపోతే మామూలు మాటే పెడతాను. లోటు, ఆగిపోవడం, ఎదురు తన్నడం, జారిపోవడం లాంటి మాటలతో జతపడి జబ్బు ఎలా వచ్చిందో చెబుతుంటే చీని కదపను. ఇంగ్లీషు నిఘంటువుల్లో కూడా అది ఎప్పుడో చేరిపోయింది కాబట్టి భయపడనక్కర్లేదు. తాయ్ చీ వ్యాయామంలో ఉన్న చీ మాత్రం ఇది కాదు, ఆ అక్షరం వేరు, పలకడం కూడా వేరు. పాత ఇంగ్లీషు స్పెల్లింగుల వల్ల రెండూ ఒకటైపోయాయి.

వేయ్ చీ అంటే ఇమ్యూనిటీయే కదా?

వేయ్ అంటే కాపలా. జలుబూ అవీ రాకుండా ఒంటి పైభాగాన్ని కాచే చీ. కోవిడ్ తర్వాత ఇమ్యూనిటీ అనే మాటకి గిరాకీ పెరిగి, ప్రచార కాగితాల్లో ఇదే అనువాదం మామూలైపోయింది.

సగం నిజమే. మిగతా సగం ఎక్కడ పోతుందో చూడండి. పుస్తకాల ప్రకారం వేయ్ చీ చర్మాన్ని వెచ్చగా ఉంచుతుంది, చెమట రంధ్రాల్ని తెరుస్తుంది, మూస్తుంది. పగలు ఒంటి బయటివైపు యాంగ్ భాగంలో 25 సార్లు, రాత్రి లోపలివైపు యిన్ భాగంలో 25 సార్లు తిరుగుతుందని, నిద్ర, మెలకువ దాన్నిబట్టే ఉంటాయని కూడా చెబుతారు. అది తగ్గినవాళ్లకి పని చెయ్యకుండానే చెమటలు పోస్తాయి, కొంచెం గాలి తగిలితే జలుబు చేస్తుంది. వాళ్లకి ఇచ్చే పేరున్న మందుని పచ్చరాయి తెర అంటారు, గాలికి అడ్డం పెట్టే తెర లాగా. అందులో ఉండేవి మూడే మూలికలు. ఇమ్యూనిటీ అని రాశాక, ఇమ్యూనిటీ మందుకి చెమటలు ఆగడం ఏమిటి అని పాఠకుడు అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. డిఫెన్స్ చీ అంటే ఆ ప్రశ్న పుట్టదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇమ్యూనిటీ అనేది ల్యాబులో కొలిచి నిరూపించాల్సిన మాట. మూలంలో లేని రుజువుని అనువాదకుడు అరువు తెచ్చి పెట్టకూడదు.

డెఫిషియెన్సీ అనే మాటతో ఇబ్బంది లేదా?

ఉంది. బ్లడ్ డెఫిషియెన్సీ అంటే మనం వెంటనే రక్తం తక్కువ, ఐరన్ మాత్రలు అనుకుంటాం. చైనా వైద్యుడు మొహం పాలిపోవడం, కళ్లు తిరగడం, సన్నటి నాడి చూసి ఆ మాట అంటాడు. హిమోగ్లోబిన్ 13 ఉన్న మనిషికి కూడా అనొచ్చు. కిడ్నీ డెఫిషియెన్సీ మరీ ఘోరం. ఆ రిపోర్టు చదువుకున్న రోగి డయాలసిస్ దాకా ఊహించుకుని టెన్షన్‌తో నిద్ర పోడు, నిజానికి అతని క్రియాటినిన్ మామూలుగానే ఉండొచ్చు. దీనికి రెండో వైపు కూడా ఉంది. నిజంగానే కిడ్నీ జబ్బు ఉన్నవాడు, ఇది చైనా మాటేలే అని పరీక్ష మానేస్తే ప్రాణం మీదికొస్తుంది.

నైజెల్ వైజ్‌మన్ అనే ఇంగ్లీషు పండితుడు ఈ గొడవ తప్పించడానికే వేక్యుయిటీ అనే మాట తెచ్చారు, అంటే ఖాళీతనం. ఫెంగ్ యేతో కలిసి ఆయన 1998లో వేసిన నిఘంటువులో అదే ఉంటుంది. తర్కం బాగుంది, కానీ ఆ మాట చాలామంది నోటికి ఎక్కలేదు. డెఫిషియెన్సీయే నిలబడింది. దాన్ని వాడండి, కానీ రోగి చేతికి వెళ్లే కాగితమైతే ఇది పరీక్షలో తేలిన లోపం కాదని ఒక వాక్యం రాయండి.

ఆధునిక జబ్బు పేరు ఉంటే నేరుగా అదే పెట్టకూడదా?

వైజ్‌మన్ తరచూ చెప్పే ఉదాహరణ ఉంది: గాలి-నిప్పు-కన్ను. అక్యూట్ కంజంక్టివైటిస్ అని రాస్తే ఏ కళ్ల డాక్టరుకైనా అర్థమవుతుంది. కానీ గాలిని వెళ్లగొట్టి నిప్పుని చల్లార్చే మందులు ఎందుకిచ్చారో తెలియదు. బీజింగ్‌లో షియే జూఫాన్ లాంటి పెద్దలు దీనికి ఒప్పుకోలేదు. రెండు వైద్యాలూ ఒకే జబ్బుని చూస్తున్నప్పుడు తెలిసిన పేరు పెట్టడమే మేలని వాళ్ల వాదన. లక్షణాల విషయంలో నేను వాళ్ల పక్షమే. దగ్గుని దగ్గు అనాలి. జబ్బు పేరులో కారణం కూడా ఉన్నప్పుడు మాత్రం వైజ్‌మన్ పక్షం.

పాత గ్రంథాలైతే మరీ జాగ్రత్తగా ఉండాలి. షాంగ్‌హాన్ అంటే ఇప్పటి చైనీస్‌లో టైఫాయిడ్. చాంగ్ జోంగ్‌జింగ్ సుమారు 1800 ఏళ్ల కిందట షాంగ్‌హాన్ మీద రాసిన గ్రంథం టైఫాయిడ్ పుస్తకం కాదు, చలి వల్ల వచ్చే నానా జ్వరాల పుస్తకం. హువోలువాన్ అంటే ఇప్పుడు కలరా, అప్పుడు ఉన్నట్టుండి పట్టుకునే వాంతులు, విరేచనాలు ఏవైనా సరే. పాశ్చాత్య వైద్యం చైనాకి వచ్చినప్పుడు తన జబ్బులకి అక్కడి పాత పేర్లు తీసుకుంది. ఇప్పుడు మనం వెనక్కి అనువదిస్తే 1800 ఏళ్ల నాటి వైద్యుడు బ్యాక్టీరియాని ఎరిగినట్టు రాసినవాళ్లమవుతాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏం చెప్పింది?

2007లో దాని పశ్చిమ పసిఫిక్ ప్రాంత కార్యాలయం ఒక పదజాలం వేసింది, 2022లో చైనా వైద్యానికి ఇంకోటి వచ్చింది. జబ్బుల అంతర్జాతీయ పట్టిక ఐసీడీ-11లో 26వ అధ్యాయం సంప్రదాయ వైద్యానిది. అందులో జెంగ్‌కి వాడింది ప్యాటర్న్, షూకి వాడింది డెఫిషియెన్సీ. డేటా కోసమో కోడింగ్ కోసమో రాస్తుంటే సొంత అభిరుచి పక్కన పెట్టి అవే వాడాలి. మరణ కారణాల లెక్కకి ఆ కోడ్‌లు పనికిరావు. అందులో పేరు ఉన్నంత మాత్రాన ఆ వైద్యం పనిచేస్తుందని సంస్థ ఒప్పుకున్నట్టు కూడా కాదు. ఆ అధ్యాయంలోనే ఆయుర్వేదం, సిద్ధ, యునానీల భాగాన్ని 2024 జనవరిలో ఢిల్లీలో విడుదల చేశారు.

నా అనువాదం చెడిందో లేదో ఎలా తెలుస్తుంది?

మీ ఇంగ్లీషు పేజీని, మూలం చూడని, చైనీస్ తెలిసిన మనిషికి ఇచ్చి ముఖ్యమైన మాటల్ని మళ్లీ చైనీస్‌లో రాయమనండి. డిస్పెప్సియా సిండ్రోమ్ ఇస్తే ఆయన అజీర్తి అని రాస్తాడు, పీ, చీ, షూ మూడూ రావు. రెండో పరీక్ష, పేజీలో సిండ్రోమ్ అన్న చోటల్లా వేలు పెట్టి మూలంలో ఏ అక్షరం ఉందో చూడండి. ఒకచోట జెంగ్, ఇంకోచోట లక్షణం, మరోచోట జబ్బు కనిపిస్తే మీరు మూడు మాటల్ని ఒకటి చేశారు.

తెలుగులోకి తెచ్చేటప్పుడు చీని ప్రాణం అనొచ్చా, గాలి-నిప్పుని వాత పిత్తాలు అనొచ్చా?

చెయ్యి అటే లాగుతుంది, ఆపుకోండి. వాతం అనగానే మన పాఠకుడికి కీళ్లనొప్పులు గుర్తొస్తాయి. చైనా గాలి ఎక్కువగా బయటి నుంచి వచ్చి చర్మం మీద తగిలేది. ప్రాణం పోయింది అంటే మనిషి పోయాడనే, చీ ఆగిపోయింది అంటే మాత్రం పక్కటెముకల కింద పట్టేసి, చిరాగ్గా ఉన్న మనిషి. నేనైతే చీని చీగానే ఉంచి, జెంగ్‌కి "జబ్బు తీరు" అని రాస్తున్నాను. ఒక పాఠకురాలు ఉత్తరం రాస్తూ, "వాలకం" అనే మాట ఇంకా దగ్గరగా ఉంటుంది కదండీ అన్నారు. మనిషి వాలకం చూసి డాక్టరు పట్టేశాడు అంటాం కాబట్టి ఆ మాట నాకూ నచ్చింది. వైద్య పుస్తకంలో పెడితే ఎగతాళిగా వినిపిస్తుందేమోనని ఇంకా పెట్టలేదు.